చివరి స్లైడ్‌లో ‘గూగుల్ ఇమేజెస్’ అని రాశారు: ఒక ప్రజెంటేషన్ కేసు

నేపథ్యం

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. వ్యాసాల్లో, ప్రాజెక్టుల్లో మూలాలు ఎలా చూపించాలో విద్యార్థులకు చెప్పడం నా పనిలో ఒక భాగం. ఈ కేసులోని నలుగురూ రెండో సంవత్సరం విద్యార్థులు. వాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

వాళ్లు నిర్లక్ష్యంగా చదివే పిల్లలు కాదని ముందే చెప్పాలి. అదే టర్మ్‌లో వాళ్లు రాసిన వ్యాసాలు చూశాను. కొటేషన్ గుర్తులు, రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వ్యాసంలో ఒక వాక్యం తీసుకుంటే ఎవరిదో చెప్పాలని వాళ్లకు బాగా తెలుసు. కానీ ఫోటో తీసుకున్నా అదే వర్తిస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మేమిచ్చే హ్యాండ్‌అవుట్‌లో ఉదాహరణలన్నీ పుస్తకాలవీ పత్రికలవే. అందులో బొమ్మల గురించి ఒక్క లైను కూడా లేదు.

వచ్చిన సమస్య

ప్రాజెక్టు అంశం గాలిలో కార్బన్ డయాక్సైడ్, దాని వల్ల సముద్రాల మీద పడే ప్రభావం. 14 స్లైడ్ల ప్రజెంటేషన్, అందులో 90 సెకన్ల వీడియో, దాంతోపాటు గోడకు పెట్టే ఒక ఏ1 పోస్టర్. స్లైడ్లను టెక్స్ట్ పోల్చే సాఫ్ట్‌వేర్‌లో పెడితే పోలిక చాలా తక్కువే వచ్చింది. అది చూసి పిల్లలు నిశ్చింతగా ఉన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ అక్షరాలనే పోలుస్తుంది. ఫోటో ఎవరిదో, పాట ఎవరిదో, బొమ్మలో కలిసిపోయిన మాటలు ఎక్కడివో దానికి తెలియదు.

క్లాసులో ఏడో స్లైడ్ రాగానే లెక్చరర్ ఆపమన్నారు. గత సంవత్సరం ఇంకో బృందం చూపించిన స్లైడ్ అదని ఆయనకు గుర్తొచ్చింది. దాంతో మిగతావన్నీ వెనక్కి తిప్పి చూశారు. చివరి స్లైడ్‌లో మూలాల కింద ఒకే మాట ఉంది: ‘చిత్రాలు: గూగుల్ ఇమేజెస్’. మార్కులు ఆపేసి, దీన్ని ప్లేజియరిజం కేసుగా పంపాలా వద్దా అని నన్ను అడిగారు.

అప్పుడే పంపొద్దన్నాను. పిల్లల మీద జాలితో అన్న మాట కాదు. ఇందులో రెండు రకాల తప్పులు కలిసిపోయి ఉన్నాయని నాకు అనిపించింది. ఫోటోల దగ్గర క్రెడిట్ ఇవ్వాలని ప్రయత్నించారు, అది ఎలాగో తెలియలేదు. ‘గూగుల్’ అని రాసినవాళ్లు దాచాలనుకున్నవాళ్లు కారు. సీనియర్ స్లైడ్ల సంగతి వేరు, అక్కడ ఒక్క మాట కూడా రాయలేదు. రెండింటికీ ఒకే పేరు పెట్టి పంపితే మొదటి తప్పుకు శిక్ష ఎక్కువవుతుంది, రెండోది దాని చాటున చిన్నదిగా కనిపిస్తుంది. పది రోజులు గడువు తీసుకుని, ముందు ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చాలనుకున్నాం.

బయటి నుంచి తెచ్చినవన్నీ లెక్కపెడితే 23 తేలాయి. 11 ఫోటోలు, 5 ఐకాన్లు, 3 గ్రాఫులు, సీనియర్ స్లైడ్లు 2, టెంప్లేట్ 1, వీడియో వెనక సంగీతం 1. నలుగురూ ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదు. వాళ్ల లెక్కలో బయటివి ఐదారే.

మొదట ఇచ్చిన సలహా, అది ఎందుకు కుదరలేదు

నేను మొదట ఇచ్చిన సలహా తప్పు. వ్యాసం చివర రెఫరెన్సుల జాబితా ఉంటుంది కదా, అలాగే చివరి స్లైడ్‌లో అన్నింటికీ లింకులు రాయమన్నాను. రెండు రోజుల్లో చేసుకొచ్చారు. 23 లింకులు ఒకే స్లైడ్‌లో, 8 పాయింట్ల అక్షరాల్లో. తెర మీద చూస్తే చీమల బారులా ఉంది.

లెక్చరర్ ఒకే ప్రశ్న అడిగారు: “ఆరో స్లైడ్‌లో ఉన్న పగడపు దిబ్బ ఫోటో ఇందులో ఏది?” నలుగురిలో ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియలేదు.

వ్యాసంలో చివరి జాబితా పనిచేయడానికి కారణం జాబితా ఒక్కటే కాదు. వాక్యం పక్కనే పేరు, సంవత్సరం ఉంటాయి, అవి జాబితాకు దారి చూపిస్తాయి. స్లైడ్లలో ఆ సగం వదిలేసి రెండో సగమే పెట్టించాను. పైగా వ్యాసం చదివేవాళ్లు వెనక్కీ ముందుకీ తిప్పుకోగలరు. ప్రజెంటేషన్ చూసేవాళ్లకు ఆ వీలు లేదు, చివరి స్లైడ్ మూడు సెకన్లు కనిపించి పోతుంది. ఇక పోస్టర్‌కైతే చివరి స్లైడే ఉండదు.

ఇంకో ఇబ్బంది కూడా బయటపడింది. ఆ లింకుల్లో చాలావరకు వెతుకులాట ఫలితాల పేజీకో, ఫోటోలు పోగేసి పెట్టే సైట్లకో వెళ్తున్నాయి. ఫోటో తీసిన మనిషి దగ్గరికి వెళ్లేవి కొన్నే. గూగుల్ దారి చూపిస్తుంది, ఫోటో దానిది కాదు. ‘మూలం: గూగుల్’ అనడమంటే, పుస్తకం ఎవరు రాశారని అడిగితే లైబ్రరీ అల్మరాను చూపించడమే.

ఒకే ఫోటో వెనక గంటసేపు

అందుకని జాబితా పక్కన పెట్టి, ఆ పగడపు దిబ్బ ఫోటో ఒక్కదాన్నే తీసుకుని కూర్చున్నాం. మిగతావన్నీ ఎలా చేయాలో దీంతోనే నేర్చుకోవచ్చని నా ఆలోచన.

ఆ ఫోటోను పవర్‌పాయింట్‌లోంచే ఆన్‌లైన్ చిత్రాలు వెతికి పెట్టారు. అలా పెట్టినప్పుడు బొమ్మ కింద ఒక చిన్న లైను దానంతట అదే వస్తుంది. ఇక్కడ వచ్చింది ఇది:

`This Photo by Unknown Author is licensed under CC BY-NC-ND`

చివర ఉన్న అక్షరాలు ఒక క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ పేరు, ఏ షరతులతో వాడుకోవచ్చో అది చెబుతుంది. డిజైన్‌కు అడ్డమని ఆ లైను తీసేశారు. “ఉంచి ఉంటే సరిపోయేదా మేడమ్?” అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. సరిపోయేది కాదు, ఎందుకో ఆ లైను పట్టుకుని వెళ్తేనే తెలిసింది.

అందులో `This Photo` అన్న మాటలు ఒక లింకు. నొక్కితే ఎవరిదో బ్లాగు వచ్చింది. ఫోటో ఆ బ్లాగు రాసినవాళ్లది కాదు, కింద చిన్న అక్షరాల్లో, అందరూ వాడుకునేలా ఫోటోలు పెట్టే వికీమీడియా కామన్స్ నుంచి తీసుకున్నామని ఉంది. పవర్‌పాయింట్ చూపించిన `CC BY-NC-ND` ఆ బ్లాగు తన రాతలకు పెట్టుకున్న లైసెన్స్. ఫోటోది అది కాదు.

ఆ బ్లాగు నుంచి కామన్స్‌కు నేరుగా లింకు లేదు. ఒక బొమ్మ ఇస్తే దాని కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికే టిన్‌ఐ అనే సైట్‌లో ఫోటోను పెట్టి చూశాం. ఎన్నో కాపీలు వచ్చాయి. పాతవి ముందు వచ్చేలా పేర్చి చూసి, మొదట వచ్చినదే అసలుదని పిల్లలు అన్నారు. అక్కడ జాగ్రత్త కావాలి. ఆ తేదీ టిన్‌ఐ ఆ పేజీని మొదట చూసిన తేదీ, ఫోటో పెట్టిన తేదీ కాదు. అన్నింటికన్నా పెద్ద సైజు కాపీ ఏదో చూస్తే ఎక్కువసార్లు దారి దొరుకుతుంది, ఎందుకంటే కాపీలు చేతులు మారేకొద్దీ చిన్నవవుతాయి, అంచులు పోతాయి. ఇక్కడా అదే జరిగింది. పెద్ద కాపీ కామన్స్‌లోని ఫైల్ పేజీకి తీసుకెళ్లింది. తీసినవారి పేరు, తేదీ, లైసెన్స్ అన్నీ అక్కడ ఉన్నాయి. లైసెన్స్ CC BY 4.0.

ఈ తేడా చిన్నది కాదు. పవర్‌పాయింట్ చూపించిన లైసెన్స్‌లో చివరి రెండు అక్షరాలు, ND, మార్చిన రూపాన్ని పంచుకోవద్దని చెబుతాయి. అసలు లైసెన్స్‌లో మార్చుకోవచ్చు. పేరు చెప్పాలి, లైసెన్స్ చెప్పి దానికి లింకు ఇవ్వాలి, మార్చితే మార్చామని కూడా చెప్పాలి. మనవాళ్లు ఫోటోను మార్చారు. పక్కలు కత్తిరించారు, పైగా తెల్లబారిన పగడాలు ఇంకా తెల్లగా కనిపించాలని రంగులు పెంచారు.

కత్తిరించినది రాస్తే చాలు. రంగులు పెంచినదాన్ని మాత్రం వెనక్కి తీయించాను. ‘రంగులు మార్చాం’ అని రాస్తే లైసెన్స్ షరతు తీరుతుంది. కానీ ఆ స్లైడ్ చెప్పే విషయమే పగడాలు తెల్లబడటం. ఆధారంగా చూపిస్తున్న ఫోటోలో ఆ తెలుపునే పెంచితే అది క్రెడిట్‌తో సరిదిద్దుకునే విషయం కాదు. ఆ ఫోటో కింద చివరికి రాసిన లైను ఇలా ఉంది: *ఫోటో: (తీసినవారి పేరు), వికీమీడియా కామన్స్, CC BY 4.0. అంచులు కత్తిరించాం.* కామన్స్ అన్న మాటకు ఫైల్ పేజీ లింకు, లైసెన్స్ పేరుకు లైసెన్స్ పేజీ లింకు ఇచ్చాం.

మిగతా పది ఫోటోలకూ ఇదే పద్ధతి. వాటిలో ఐదింటికి తీసినవాళ్లు దొరికారు. రెండు నాసావి. ఒకటి అపోలో 17 యాత్రలో 1972 డిసెంబర్ 7న తీసిన నిండు భూగోళం ఫోటో. పిల్లలు దాన్ని ఒక వాల్‌పేపర్ సైట్ నుంచి తెచ్చారు, మూలలో ఆ సైట్ ముద్ర కూడా ఉంది. నాసా తన చిత్రాల మీద సాధారణంగా కాపీరైట్ కోరదు, తన పేరు చెప్పమని మాత్రం అడుగుతుంది. కాబట్టి వాడుకోవడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, వ్యోమగాములు తీసిన ఫోటో వాల్‌పేపర్ సైట్ ఖాతాలో పడింది. క్రెడిట్ లేకపోతే ఎవరిదో తెలియదు, అంతే. తప్పు క్రెడిట్ ఉంటే ఒకరి పని ఇంకొకరికి రాసిచ్చినట్టవుతుంది. నాకు రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఇంకొకటి, బయటివాటితో కలిపి లెక్కపెట్టినా, నిజానికి వాళ్లలో ఒకరు తీసిన ఫోటో. దాని కింద ‘ఫోటో: బృందం’ అని రాయమన్నాను. మనదానికి ఎందుకని అడిగారు. మిగతావాటికి లైను ఉండి దీనికి లేకపోతే చూసేవాళ్లు మర్చిపోయారేమో అనుకుంటారు.

మిగిలిన రెండు ఫోటోలకు ఎంత వెతికినా మూలం దొరకలేదు. ‘తీసినవారు తెలియదు’ అని రాసి ఉంచుదామని పిల్లలు అడిగారు. ఆ ఫోటో గురించే మాట్లాడుతుంటే, దాని బదులు ఇంకొకటి పెట్టలేకపోతే, దొరికిన చోటు చెప్పి అలాగే ఉంచమనేదాన్ని. ఇవి రెండూ మామూలు సముద్రం ఫోటోలు. అలాంటివి తీసినవారి పేరుతో సహా ఎన్నో దొరుకుతాయి. తీసేసి వేరేవి పెట్టాం.

టెంప్లేట్, ఐకాన్లు

ఇది త్వరగానే తేలింది. టెంప్లేట్ ఉచితంగా దొరికినది. అలాంటి వాటిలో చాలావాటికి చివర ఒక స్లైడ్ ఉంటుంది, తయారుచేసినవారి పేర్లతో, దీన్ని తీసేయొద్దన్న షరతుతో. ఉచితంగా ఇవ్వడానికి ఆ స్లైడే ధర. పనికిరానిదనుకుని మొదటి రోజే తీసేశారు. తిరిగి డౌన్‌లోడ్ చేసి పెట్టించాం. ఐదు ఐకాన్లూ ఆ టెంప్లేట్‌లోవే కాబట్టి ఒక్కోదాని కింద రాయించలేదు. అలంకారానికి పెట్టిన చిన్న బొమ్మ కింద లైను పెడితే స్లైడ్ నిండా గజిబిజి తప్ప చూసేవాళ్లకు దక్కేది లేదు. క్రెడిట్ అవసరం లేదని లైసెన్స్‌లోనే ఉన్న క్లిప్ ఆర్ట్‌కు, స్టాక్ ఫోటోలకు, మూలాలు రాయడానికి చాలామంది పాటించే ఏపీఏ శైలి కూడా క్రెడిట్ అడగదు. కానీ లెక్చరర్ అడిగితే ఆయన మాటే లెక్క.

గ్రాఫులు: “నేనే గీశాను కదా”

మూడు గ్రాఫులు, మూడూ మూడు రకాలు. అన్నింటికన్నా ఎక్కువ వాదన ఇక్కడే జరిగింది.

మొదటిది హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలిచిన కార్బన్ డయాక్సైడ్ గ్రాఫు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఓఏఏ సైట్‌లో నెలవారీ అంకెలు దించుకుని ఒక అబ్బాయి స్వయంగా ఎక్సెల్‌లో గీశాడు. అతని వాదన: గీత నాది, రంగులు నావి, క్రెడిట్ ఎవరికి? గీత అతనిదే. కానీ గీతలోని ప్రతి చుక్కా ఎవరో కొలిచినది. కాబట్టి రెండు మాటలు రాయాలి, గ్రాఫు ఎవరిది, అంకెలు ఎవరివి. ఆ డేటా పేజీలోకి వెళ్లి చదివితే ఇంకో సంగతి తెలిసింది. 1958 మార్చి నుంచి 1974 ఏప్రిల్ వరకు ఉన్న అంకెలు ఎన్‌ఓఏఏవి కావు, స్క్రిప్స్ సంస్థలో చార్ల్స్ డేవిడ్ కీలింగ్ కొలిచినవి. గ్రాఫు మొదటి 16 ఏళ్లూ ఆయన పనే. ‘డేటా: ఎన్‌ఓఏఏ’ అని మాత్రమే రాస్తే ఆ పని మాయమవుతుంది. *గ్రాఫు: బృందం. డేటా: ఎన్‌ఓఏఏ, 1974 ఏప్రిల్ వరకు స్క్రిప్స్, సి. డి. కీలింగ్* అని రాశాం. ఆ అబ్బాయి తర్వాత క్లాసులో ఆ లైను గురించి ప్రత్యేకంగా చెప్పాడు.

రెండోది ఒక నివేదికలోని బొమ్మను చూసి తిరిగి గీసినది. అంకెలు లేవు, బాణాలు, గడులు మాత్రమే. ఇక్కడ తీసుకున్నది గీతలను కాదు, ఏది దేని పక్కన ఉండాలి, ఏ బాణం ఎటు వెళ్లాలి అన్న ఆలోచనను. రంగులు మార్చినంత మాత్రాన ఆ ఆలోచన మనదైపోదు. దీనికి ‘ఆధారంగా గీసినది’ అన్న మాట కావాలి. ఉన్నదున్నట్టు పెడితే ‘నుంచి యథాతథంగా’. ఈ రెండు మాటల తేడా పిల్లలకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే వ్యాసంలో సొంత మాటల్లో చెప్పడానికీ కొటేషన్‌కూ ఉన్న తేడా అదే.

మూడోది లెక్చరర్ స్లైడ్‌కు తీసిన స్క్రీన్‌షాట్. ఆయన పేరు రాస్తే చాలనుకున్నారు. ఆ బొమ్మ ఆయనదేనా అని అడిగితే ఎవరికీ తెలియదు. ఆయన్నే అడిగాం. పాఠ్యపుస్తకంలోదని చెప్పారు. పుస్తకం తీసి, బొమ్మ నంబరు, పేజీ చూసి రాశాం.

సీనియర్ స్లైడ్లు

అసలు గొడవ ఇక్కడిది. ఏడు, ఎనిమిది స్లైడ్లు గత బ్యాచ్ విద్యార్థి ప్రజెంటేషన్ నుంచి వచ్చినవి. మాటలు కొంత మార్చారు. బొమ్మ అదే, వరుస అదే, ఏ క్లిక్‌కు ఏది కనిపించాలో కూడా అదే. నోట్స్‌లో మాట్లాడాల్సిన వాక్యాలు సైతం అలాగే ఉన్నాయి.

“సీనియరే ఇచ్చారు మేడమ్, వాడుకోమన్నారు” అని చెప్పారు. నిజమే, మెసేజ్ చూపించారు. అనుమతి ఆ సీనియర్‌కూ వీళ్లకూ మధ్య విషయం. ఎదురుగా కూర్చుని మార్కులు వేసే మనిషికి అది తెలియదు. తాను చూస్తున్న ఆలోచన ఈ నలుగురిదేనని ఆయన నమ్మాడు. ఇచ్చినవారు సంతోషంగా ఇచ్చినా ఆ నమ్మకం వమ్మైనట్టే.

ఏం చేయాలన్న దగ్గర నేనూ లెక్చరరూ వేరువేరుగా ఆలోచించాం. రెండూ తీసేయమని ఆయన అన్నారు. ఎనిమిదో స్లైడ్‌లోని పోలిక నిజంగా బాగుంది, దాన్ని క్రెడిట్‌తో ఉంచితే మంచి పనిని పేరు చెప్పి ఎలా వాడుకోవాలో పిల్లలు నేర్చుకుంటారని నేను అన్నాను. చివరికి ఏడోదాన్ని పిల్లలు మొదటినుంచీ వాళ్లే చేశారు. ఎనిమిదోది ఉంచి, కింద *ఈ స్లైడ్ అమరిక, పోలిక: గత బ్యాచ్ విద్యార్థి ప్రజెంటేషన్ నుంచి, అనుమతితో* అని రాశారు. సీనియర్ పేరు స్లైడ్‌లో ఉంది, ఇక్కడ రాయడం లేదు. ఆ స్లైడ్‌కు మాత్రం మార్కులు ఉండవని ఆయన స్పష్టంగా చెప్పారు, నేనూ ఒప్పుకున్నాను. క్రెడిట్ ఇస్తే దాచినట్టు కాదు, నిజమే. అయినా సొంతంగా చేసినట్టూ కాదు.

సంగీతం

వీడియో వెనక బీథోవెన్ పియానో సంగీతం 40 సెకన్లు ఉంది. రెండు నమ్మకాలతో పెట్టారు: పాతది కాబట్టి ఎవరి హక్కూ లేదు, చిన్న ముక్కే కాబట్టి పరవాలేదు. రెండోది ఊరికే ప్రచారంలో ఉన్న మాట, ఇన్ని సెకన్లలోపు అయితే పరవాలేదని అన్నిచోట్లా చెల్లే నియమం ఏదీ లేదు. మొదటిది సగం నిజం. బీథోవెన్ 1827లో చనిపోయాడు, స్వరాల మీద హక్కులు లేవు. కానీ మనం వింటున్నది స్వరాలు మాత్రమే కాదు, ఒక పియానిస్ట్ ఒక రోజు వాయించగా చేసిన రికార్డింగ్. దాని హక్కు వేరు, దాని వెనక మనిషి వేరు.

వాళ్లు తెచ్చింది ఎవరో తిరిగి అప్‌లోడ్ చేసిన వీడియో నుంచి. అందులో వాయించినవారి పేరు లేదు. ఫోన్‌లో షజామ్ పెట్టి వినిపిస్తే ఒక ఆల్బమ్ పేరు చూపించింది, అమ్మకానికి ఉన్నది. అంటే క్రెడిట్ రాయగలం. కానీ ఈ వీడియోను కాలేజీ ఛానెల్‌లో పెట్టాలనుకుంటున్నారు. తరగతి గదిలో వినిపించడానికి చాలాచోట్ల చట్టంలో వెసులుబాటు ఉంటుంది, ఇంటర్నెట్‌లో పెట్టడానికి అది అలాగే వర్తిస్తుందని అనుకోకూడదు. పేరు చెప్పడం వేరు, అనుమతి ఉండటం వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

అదే సంగీతానికి అందరూ వాడుకునేలా వదిలిన రికార్డింగులు మ్యూజోపెన్ లాంటి సైట్లలో ఉంటాయి. ఒకటి ఎంచుకుని, ఫైల్ లైసెన్స్ చూసి మార్చాం. క్రెడిట్‌లో స్వరకర్త, వాయించినవారు, రికార్డింగ్ దొరికిన చోటు, లైసెన్స్ నాలుగూ రాశాం. దాన్ని వీడియోలోనే, సంగీతం మొదలైన మొదటి ఐదు సెకన్లలో కింద వేశాం. వీడియో స్లైడ్ల నుంచి విడిపోయి ఒంటరిగా తిరుగుతుంది కాబట్టి స్లైడ్ మీద రాస్తే ఉపయోగం లేదు.

పోస్టర్

పోస్టర్ దగ్గర పిల్లలు ముందే ఒక ఉపాయం ఆలోచించుకొచ్చారు: మూలలో ఒక క్యూఆర్ కోడ్, అందులో మొత్తం జాబితా. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. నేను కొంచెం ఆలోచించి, అదొక్కటే వద్దన్నాను. పోస్టర్‌ను జనం ముక్కలుగా ఫోటో తీసుకుంటారు. నచ్చిన గ్రాఫును ఫోన్‌లో పట్టుకుపోతారు, మూలలోని కోడ్ ఆ ఫోటోలోకి రాదు. రేపు ఆ లింకు పనిచేయకపోతే కాగితం మీద ఏమీ మిగలదు.

అందుకని ప్రతి బొమ్మ కిందా పేరు, దొరికిన చోటు, లైసెన్స్ ఒక్క లైనులో వేసి, పూర్తి లింకులను కోడ్‌లో పెట్టాం. అక్షరాల సైజు కోసం అసలు సైజులో ఒక ముక్క ప్రింట్ తీసి గోడకు అంటించి ఒక మీటరు దూరంలో నిలబడి చూశాం. 12 పాయింట్లు చదవడానికి ముందుకు వంగాల్సి వచ్చింది. 18కి వచ్చాక ఇబ్బంది లేకపోయింది.

ఏది పనిచేసింది

రెండు చిన్న అలవాట్లు. ఒకటి, క్రెడిట్ లైనును బొమ్మతో కలిపి గ్రూప్ చేయడం. బొమ్మనూ, దాని కింది టెక్స్ట్ బాక్సునూ రెండింటినీ ఎంచుకుని `Ctrl+G` నొక్కితే రెండూ ఒకటైపోతాయి. తర్వాత ఎవరైనా ఆ బొమ్మను ఇంకో ప్రజెంటేషన్‌లోకి కాపీ చేస్తే లైను కూడా వెంట వెళ్తుంది. సీనియర్ స్లైడ్ల నుంచి ఫోటోలు పేర్లు లేకుండా వచ్చింది ఈ ముడి లేకపోవడం వల్లే. ఆ సీనియర్ తన చివరి స్లైడ్‌లో మూలాలన్నీ రాశాడు, మనవాళ్లు ఆ స్లైడ్ తీసుకోలేదు.

రెండోది, ఫైల్‌ను దించుకున్నప్పుడే దాని పేరులో వివరం పెట్టడం. ఇలా:

```
s06_coral_commons_CCBY4.jpg
s03_earth_NASA_1972.jpg
```

దాంతోపాటు ఒక షీటులో లింకు, తీసినవారి పేరు, ఏం మార్చామో ఒక వరుస. పేజీ కళ్ల ముందు ఉన్నప్పుడు ఇది రెండు నిమిషాల పని. మేం తర్వాత వెనక్కి వెళ్లి చేయబట్టి నలుగురికీ కలిపి తొమ్మిది గంటలు పట్టింది.

చివరగా ఒక పరీక్ష పెట్టాం. బృందంతో సంబంధం లేని ఒక విద్యార్థికి ఒక్కో స్లైడ్ విడిగా పది సెకన్లు చూపించి, ఈ బొమ్మ ఎవరిదని అడిగాం. ఐదింటిలో నాలుగింటికి చెప్పాడు. ఐదోది నల్లని నేపథ్యం మీద బూడిద రంగు అక్షరాలు, కనపడలేదు. రంగు మార్చాం.

ఫలితం, తర్వాత

రెండోసారి ప్రజెంటేషన్ ఇచ్చారు. ఫోటోలు, గ్రాఫులు, సంగీతం విషయంలో మార్కులు కోయలేదు. సీనియర్ స్లైడ్లకు మార్కులు పోయాయి, లిఖితపూర్వకంగా హెచ్చరిక కూడా ఇచ్చారు. అది సబబేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

నా పనిలో మారినవి కొన్ని ఉన్నాయి. ప్రజెంటేషన్ గురించి చెప్పేటప్పుడు ఇప్పుడు చివరి జాబితాతో మొదలుపెట్టను, బొమ్మ కింది లైనుతో మొదలుపెడతాను. జాబితా అడిగితే దానికి స్లైడ్ నంబర్లు వేయమంటాను. నోటితో ఎప్పుడు చెప్పాలన్నదానికి కూడా ఒక గీత గీసుకున్నాను: వాదన దేనిమీద నిలబడిందో దాని మూలం నోటితో చెప్పాలి, మిగతావాటికి కింది లైను చాలు. ప్రతి ఫోటోకూ పేరు చదువుతూ పోతే వినేవాళ్లు అసలు విషయం వదిలేస్తారు. హ్యాండ్‌అవుట్‌లో ఫోటో, గ్రాఫు, రికార్డింగ్, అరువు తెచ్చుకున్న స్లైడ్ ఒక్కోదానికీ ఒక నమూనా లైను చేర్చాను.

టర్మ్ చివర లెక్చరర్ తన స్లైడ్లు లైబ్రరీ ఫోల్డర్‌లో పెట్టమని పంపారు. పిల్లలు స్క్రీన్‌షాట్ తీసిన ఆ స్లైడ్ ఏమైందో చూద్దామని తెరిచాను. బొమ్మ కింద పుస్తకం పేరు, బొమ్మ నంబరు, పేజీ ఉన్నాయి. టెక్స్ట్ బాక్సును పక్కకు లాగితే బొమ్మ కూడా దాంతోపాటే కదిలింది.